బండి ఫొటోలో నంబర్ ప్లేటు: అట్టతో కప్పాలా, ఫోన్‌లో చెరపాలా?

బండి అమ్మకానికి పెట్టేముందు ఫొటోలో నంబర్ ఎలా దాచాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. పోయిన నెల మా నాన్నగారి స్కూటర్ అమ్మేటప్పుడు నేనూ ఇదే తేల్చుకోవాల్సి వచ్చింది. ప్రకటనలో మోడల్, రంగు, ఏడాది ఎలాగూ రాస్తాం. వాటి పక్కన నంబర్ కూడా కనిపిస్తే, అదే మోడల్, అదే రంగు బండికి దొంగ ప్లేటు వేసుకునేవాడికి కావాల్సినవన్నీ ఒకేచోట దొరుకుతాయి. వాడి చలాన్లు మన పేరు మీద వస్తాయి.

ఎక్కువమంది చేసేది ప్లేటును మసకబరచడం, అంటే బ్లర్ చేయడం లేదా గళ్లుగళ్లుగా మార్చడం. నేను దీన్ని నమ్మను. గళ్లుగా మార్చినప్పుడు ఒక్కో గడికి వచ్చే రంగు, దాని కింద ఉన్న అక్షరాల రంగుల సగటు. అంటే నంబర్ పూర్తిగా పోలేదు, దాని ఆనవాలు అక్కడే ఉంది. పైగా బండి నంబర్‌లో ఊహించాల్సింది తక్కువ. ప్రకటనలో ఊరు హైదరాబాద్ అని, ఏడాది 2017 అని ఉంటే TS అనే మొదటి అక్షరాలు దాదాపు తెలిసిపోయినట్టే. జిల్లా కోడ్, సిరీస్ కూడా పట్టుకోగలిగితే ఇక మిగిలేది నాలుగు అంకెలు, అంటే పదివేల లోపు నంబర్లు. వాటన్నిటినీ అదే పద్ధతిలో గళ్లుగా మార్చి మన ఫొటోతో పోల్చడం కంప్యూటర్‌కు పెద్ద పనేం కాదు.

హైలైటర్ గీతలు ఇంకా ప్రమాదం. ఫోన్ తెర మీద నల్లగా కనిపిస్తాయి గానీ అవి పారదర్శకం. అనుమానం ఉంటే సేవ్ చేసిన ఫొటోలో బ్రైట్‌నెస్, షాడోస్ పూర్తిగా పెంచి చూడండి. కింద అంకెలు తేలాయంటే ఆ ఫొటో పనికిరాదు. ఎమోజీ స్టిక్కర్ దాస్తుంది గానీ బండి ఫొటోకు నప్పదు.

ఫోన్‌లోనే చేయాలంటే ఏమాత్రం పారదర్శకం కాని దీర్ఘచతురస్రం ఒక్కటే సరైనది. ప్లేటు అంచుల దాకా, ఫొటోలో ప్లేటు ఒరిగిన కోణంలోనే పెట్టి, లేత బూడిద రంగు నింపితే శుభ్రంగా ఉంటుంది. తర్వాత దాన్ని తెర నిండా తెరిచి స్క్రీన్‌షాట్ తీసి అదే పంపండి. కొన్ని గ్యాలరీల్లో మార్పుల వెనక అసలు ఫొటో అలాగే ఉంటుంది, స్క్రీన్‌షాట్‌లో ఉండదు. ఫొటో తీసిన చోటు వివరం కూడా అందులోకి రాదు.

అయినా నేను ఎంచుకున్నది అట్ట. ఎందుకంటే బేరం ప్రకటనతో ఆగదు. "ఎడమవైపు ఇంకో ఫొటో పంపండి" అని వాట్సాప్‌లో అడుగుతారు, మనం హడావుడిలో గ్యాలరీలోంచి చెరపని ఫొటో పంపేస్తాం. స్కూటర్‌కు నేను తీసిన పదకొండు ఫొటోల్లో నాలుగింటిలో ప్లేటు పడింది. అందులో ఒకటి పక్కనుంచి తీసింది, అందులో ముందు ప్లేటు ఏటవాలుగా కనిపిస్తుందని నాకు ముందు తోచనే లేదు. ప్లేటును ముందే కప్పేస్తే ఏ ఫొటో ఎవరికి వెళ్లినా టెన్షన్ లేదు.

పని చిన్నదే. టూవీలర్ వెనక ప్లేటు 200 × 100 మిల్లీమీటర్లు. ఏ4 కాగితాన్ని అడ్డంగా సగానికి మడిస్తే దానికి సరిపోతుంది. ముందు ప్లేటు 285 × 45 కాబట్టి నిలువుగా మడవాలి. కారుది 500 × 120 అయితే అడ్డంగా మడిచిన కాగితాలు మూడు పక్కపక్కన కలపాలి, నిలువుగా మడిస్తే ఎత్తు చాలదు. ఒంటి కాగితం వద్దు, ఎండలో నల్లటి అంకెలు లోపలి నుంచి కనిపిస్తాయి. మధ్యలో పెళ్లి శుభలేఖ అట్ట పెడితే నిటారుగా కూడా ఉంటుంది. పెయింటింగ్ పనివాళ్లు వాడే మాస్కింగ్ టేపుతో అంటిస్తే జిగురు మిగలదు, బ్రౌన్ టేపుతో మిగులుతుంది. ప్లేటును మాత్రం ఊడదీయకండి, హెచ్‌ఎస్‌ఆర్‌పీ అనే హై సెక్యూరిటీ ప్లేట్లను బిగించే స్నాప్ లాక్ ఒకసారి తీస్తే మళ్లీ పనికిరాదు.

కారైతే ఇంకొకటి చూసుకోవాలి. ముందు అద్దానికి లోపలివైపు హెచ్‌ఎస్‌ఆర్‌పీ స్టిక్కర్ ఉంటుంది. దాని మీద బండి నంబర్‌తో పాటు ఇంజిన్, చాసిస్ నంబర్లు కూడా ఉంటాయి. దగ్గరి ఫొటోలో అవి చదవగలిగేలా పడతాయి. దాని మీద కూడా ఒక ముక్క కాగితం పెట్టండి.

ఫొటోలు ఇప్పటికే తీసేసి, బండి వేరే ఊళ్లో ఉంటే మాత్రం పైన చెప్పిన దీర్ఘచతురస్రమే దారి. నిజంగా కొనేవాళ్లు చలాన్లు, బీమా గడువు చూసుకోవడానికి నంబర్ అడుగుతారు, అది న్యాయమే. వాళ్లు బండి చూడటానికి వస్తామని ఫోన్‌లో ఖాయం చేశాక చెప్పండి. ఫొటోలు అయిపోగానే అట్ట తీసేయడం మరవకండి. నంబర్ కప్పిన బండిని రోడ్డెక్కిస్తే జరిమానా పడుతుంది.