ఒక్క కటాఫా, గంటలో వచ్చిన మార్పా?

ఛాతీ నొప్పితో వచ్చినవారిది గుండెపోటేనా అని తేల్చడానికి, గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి చేరే ట్రోపోనిన్ టి అనే ప్రోటీన్‌ను హై సెన్సిటివిటీ పరీక్షతో కొలుస్తారు. ఆ విలువను 99వ పర్సెంటైల్‌తో, అంటే ఆరోగ్యవంతుల్లో 99 శాతం మంది దాటని లీటరుకు 14 నానోగ్రాముల కటాఫ్‌తో మాత్రమే పోల్చితే గుండె కండరం దెబ్బతిన్నదో లేదో తెలుస్తుంది. ఆ దెబ్బ ఇప్పటిదా, పాతదా అన్నది తెలియదు.

దీర్ఘకాలిక కిడ్నీ జబ్బున్న వ్యక్తికి మొదట 28, గంట తర్వాత 29 వచ్చిందనుకోండి. కటాఫ్ దాటింది, కానీ పెరిగింది 1 మాత్రమే. పాత దెబ్బ కావచ్చు. మూడో గంటలో మళ్లీ చూడాలి. మరొకరికి 9 కాస్తా గంటలో 17 అయింది. మొదటి అంకెనే నమ్మితే ఆయనను ఇంటికి పంపేసేవారు! గంటలో 5 లేదా అంతకు మించిన పెరుగుదల గుండెపోటును బలంగా సూచిస్తుంది.

అందుకే నా మొగ్గు మార్పు వైపే. అయితే రెండో నమూనా ఆలస్యమైనా, రెండింటికీ వేర్వేరు పరీక్షా పద్ధతులు వాడినా ఆ తేడాను నమ్మకూడదు.