జాన్సెన్ కాళ్ల అక్రిలిక్ కిట్ కొనేముందు బాడీ ప్లేటు ఫొటో చూడండి

నెదర్లాండ్స్‌కు చెందిన థియో జాన్సెన్ నడిచే బొమ్మల కాళ్లను నకలు చేసి, లేజర్‌తో కోసిన 3 మి.మీ. అక్రిలిక్ కిట్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. వాటిలో ఒక రకం ఎంత జాగ్రత్తగా బిగించినా సరిగ్గా నడవదు. తప్పంతా క్రాంక్‌నూ కాళ్లనూ బిగించే బాడీ ప్లేటులోనే ఉంటుంది.

జాన్సెన్ కొలతల్లో మోటారు తిప్పే క్రాంక్ పొడవు 15 అనుకుంటే, దానికి తగిలే రెండు కడ్డీలు 50, 61.9. కాలు వేలాడే స్థిర పివట్ క్రాంక్ కేంద్రం నుంచి 38 పక్కకు, 7.8 కిందకు ఉండాలి. ఈ 7.8ని చాలామంది డ్రాయింగులో వదిలేసి, క్రాంక్ రంధ్రాన్నీ, దానికి రెండు పక్కలా ఉండే పివట్ రంధ్రాలనూ ఒకే గీత మీద పెడుతున్నారు. అలా పెడితే పాదం గీసే దారి మొత్తం సుమారు 11.6 డిగ్రీలు వాలిపోతుంది. నేలమీద సమంగా సాగాల్సిన అడుగు ప్రతి 10 మి.మీ.కి 2 మి.మీ. చొప్పున ఎక్కుతూ దిగుతూ పోతుంది. బాడీ ఊగిపోతుంది, మోటారు మూలుగుతుంది. పాపం, కొన్నవాళ్లు మోటారు మారుస్తారు! బాడీని వంచి సర్దుదామన్నా కుదరదు. ముందు కాలు, వెనక కాలు అద్దంలో బొమ్మల్లా ఎదురెదురుగా వాలతాయి కాబట్టి, ఒకటి సర్దుకుంటే రెండోది ఇంకా చెడుతుంది.

కనిపెట్టడం తేలికే. ఫొటోలో రెండు పివట్ రంధ్రాల మీదుగా స్కేలు పెట్టండి. క్రాంక్ రంధ్రం కూడా ఆ గీత మీదే ఉంటే కొనొద్దు. కిట్ ఇప్పటికే చేతికొచ్చి ఉంటే, పైన అంటించిన కాగితం తీయకముందే కొలవండి, బిగించాక వాపసు అడగడం కష్టం. ముందు కిట్ జాన్సెన్ కొలతలకు ఎన్ని రెట్లో తేల్చుకోవాలి. క్రాంక్‌కు తగిలే చిన్న కడ్డీలో రంధ్రాల మధ్య దూరం 75 మి.మీ. వస్తే, 50తో భాగిస్తే 1.5 రెట్లు. అప్పుడు క్రాంక్ రంధ్రం గీతకు 11.7 మి.మీ. పైన ఉండాలి. రంధ్రాల లోపలి అంచుల మధ్య దూరానికి ఒక రంధ్రం వ్యాసం కలిపితే కేంద్రాల దూరం వస్తుంది.

అడిగితే అమ్మేవాళ్లు “లేజర్ కోతలో కొంత పోతుందండీ” అంటారు. నమ్మకండి. లేజర్ గీత వెడల్పు వల్ల రంధ్రం పెద్దదవుతుంది, కడ్డీ అంచు కాస్త తరుగుతుంది, అంతే. రంధ్రాల కేంద్రాలు మాత్రం జరగవు. 3 మి.మీ. గీసిన రంధ్రం 3.15 అయి బోల్టు వదులుగా ఆడుతోందంటే అది కోత తప్పు. కేంద్రాల దూరమే తేడా ఉంటే అది డ్రాయింగు తప్పు.

వాపసు కుదరకపోతే కాళ్లు పారేయనక్కర్లేదు. బాడీ ప్లేటు ఒక్కటే అట్టపెట్టె అట్ట మీద సరైన ఎత్తులో గీసి, కోసి, చేత్తో క్రాంక్ తిప్పి చూడండి. పాదం అడుగు సమంగా సాగితే అదే డ్రాయింగుతో అక్రిలిక్ కోయించుకోవచ్చు.