రివ్యూలో చేదు మాట ఎలా రాస్తే మేలు?

"మీకు బాధ్యత లేదు. గడువులంటే లెక్కే లేదు." ఉద్యోగి పనితీరు రివ్యూ ఫారంలో మేనేజర్ కోపం మీద రాసుకున్న మొదటి మాటలు ఇవీ అనుకుందాం. అసలు జరిగింది ఇది: ఆర్నెల్లలో మూడుసార్లు, శుక్రవారం రావాల్సిన రిపోర్టు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. ఆలస్యమవుతుందని ముందుగా కబురూ లేదు. ఈ మాటల పదును తగ్గించడానికి ఎక్కువమంది మూడు దారులు పడతారు.

మొదటిది, విమర్శను రెండు పొగడ్తల మధ్య పెట్టడం. "మీ విశ్లేషణ చాలా బాగుంటుంది. గడువులు కాస్త చూసుకోండి. టీమ్‌తో బాగా కలిసిపోతారు." చెప్పేవాళ్ళకి ఇది సుఖం. వినేవాళ్ళు మాత్రం మొదటి, చివరి మాటలే పట్టుకుని సంతోషంగా వెళ్ళిపోతారు, రేటింగ్ చూశాక కంగుతింటారు. ప్రతిసారీ ఇదే వరస అయితే నిజమైన మెచ్చుకోలు విన్నా "తర్వాత ఏం అంటారో" అని బిగుసుకుంటారు.

రెండోది, "అప్పుడప్పుడు", "కొంచెం", "బహుశా" చేర్చడం. నా లెక్కలో మూడింటిలోకీ ఇదే చెడ్డది. మూడుసార్లు జరిగినదాన్ని "అప్పుడప్పుడు" అంటే నిజం పలచబడిపోతుంది. రేపు ప్రమోషన్ ఆగితే కారణం కాగితం మీద కనబడదు.

మూడోది, మనిషిని వదిలి జరిగినదాన్ని రాయడం: "ఏప్రిల్, జూన్, ఆగస్టు రిపోర్టులు శుక్రవారానికి బదులు సోమవారం మధ్యాహ్నం అందాయి. ముందుగా తెలియక ఆ ఉదయం మీటింగ్‌లకి పాత అంకెలతోనే వెళ్ళాం. ఇకమీదట ఆలస్యమయ్యేలా ఉంటే బుధవారానికల్లా చెప్పండి, పని పంచుకుందాం."

నేను దీనికే ఓటేస్తాను. ఇందులో నిజం ఒక్క ముక్కా తగ్గలేదు, పైగా పెరిగింది. పోయింది "బాధ్యత లేదు" అన్న మాటొక్కటే, అది మేనేజర్ ఊహ. స్వభావం మీద మాట పడితే ఎవరైనా తమని కాపాడుకోవడానికే చూస్తారు. తేదీల దగ్గర మాత్రం "అవును, వేరే విభాగం నుంచి డేటా గురువారం రాత్రికి గానీ రాలేదు" అని అసలు కారణం బయటికి రావచ్చు. క్లూగర్, డెనిసీ అనే పరిశోధకులు 1996లో పాత పరిశోధనల్ని కలిపి చూస్తే, మూడోవంతుకు పైగా సందర్భాల్లో ఫీడ్‌బ్యాక్ తర్వాత పనితీరు తగ్గింది. దృష్టి పని మీంచి మనిషి మీదకి మళ్ళేకొద్దీ దాని ప్రయోజనం తగ్గుతుందని వాళ్ళు తేల్చారు.

దీనికీ హద్దులున్నాయి. రేటింగ్ తక్కువైతే ఆ సంగతి ముందే సూటిగా చెప్పాలి, సంఘటనల చాటున దాచకూడదు. ఏప్రిల్ సంగతి ఏడాది చివర మొదటిసారి వింటుంటే, ఎంత మెత్తగా రాసినా మండుతుంది. దాన్ని ఏప్రిల్‌లోనే చెప్పి ఉండాలి.

సరిగ్గా చేరిందో లేదో తెలియాలంటే, చివర్లో "మీకు ఏం అర్థమైందో ఒకసారి చెప్తారా?" అని అడగండి. "అంతా బాగానే ఉందన్నారు" అంటే మెత్తదనం మోతాదు మించింది. "నేను పనికిరానన్నారు" అంటే ఇంకా ఎక్కడో మనిషి మీద మాట మిగిలిపోయింది. "ఆలస్యమైతే బుధవారమే చెప్పమన్నారు" అంటే చేరినట్టే.