యాప్‌కి వేరే స్టాకా, షాపు స్టాకేనా? ఏది మేలు?

నెల్లూరు ట్రంకు రోడ్డులో మా బట్టల షాపుకి యాప్ పెట్టినప్పుడు అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సి వచ్చింది ఇదే. యాప్ ఆర్డర్లకని కొంత సరుకు పక్కన పెట్టాలా, లేకపోతే షాపు ర్యాకుల్లో ఉండేదే యాప్‌లో చూపించాలా అని. రెండూ చేసి చూశాం.

ముందు వేరే పెట్టాం. ఒక్కో మోడల్ షర్టులో సైజుకి రెండేసి తీసి లోపలి గదిలో ఉంచేవాళ్ళం. ఆర్డరొస్తే పీస్ గ్యారంటీగా ఉంటది, ఆ నిమ్మళం వేరే. కానీ సంక్రాంతి రష్‌లో 40 సైజు అడిగినోళ్ళని లేదని పంపించేశాం, అదే షర్టేమో లోపల యాప్ పేరు మీద మడత కూడా విప్పకుండా పడుంది. పండగ అయినాక చూస్తే మిగిలినవన్నీ సైజుల సెట్టు తెగిపోయిన కట్ సైజులే, తగ్గించి అమ్ముకోవాల్సి వచ్చింది.

అందుకని స్టాకు ఒకటే చేశాం. అట్టా చేసిన కొన్నాళ్ళకే కావలి నించి ఒకాయన 42 సైజు నీలం షర్టు యాప్‌లో డబ్బులు కట్టి బుక్ చేసుకోని, షాపులో తీసుకుంటానని బస్సెక్కి వచ్చాడు. సిస్టమ్‌లో 1 అని ఉండాది, ర్యాకులో లేదు. ఆయన మొహం చూళ్ళేకపోయాం. వెతికితే తేలిందేందంటే, రెండ్రోజుల ముందు ఎవరో 40 ఇచ్చి 42 తీసుకెళ్ళారు, రేటు ఒకటే కదా అని మావాళ్ళు బిల్లు లేకుండా చేతిమీదే మార్చేశారు. మొత్తం లెక్క సరిపోతది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు, సైజు వారీగా చూస్తేనే 40లో ఒకటి ఎక్కువ, 42లో ఒకటి తక్కువ.

అప్పట్నించి ఎక్స్‌ఛేంజ్ అంటే రెండు పీసులూ స్కాన్ చేయాల్సిందే. రెండు పీసులకి తగ్గితే యాప్‌లో కనపడకుండా పెట్టాం, ఎందుకంటే ఆ ఒక్కటీ ట్రయల్ రూంలో ఎవరి చేతిలోనైనా ఉండొచ్చు. ఆర్డరొచ్చినాక పిల్లోడు పీస్ చేతిలోకి తీసుకోని చీటీ అంటించినాకే 'రెడీ' మెసేజ్ పోతది, అది వచ్చినాకే బయల్దేరమని యాప్‌లోనే రాశాం. పట్టుచీరలకి మాత్రం ఈ రెండు పీసుల రూలు కుదరదు, డిజైనుకి ఒకటే ఉంటది కాబట్టి అసలేమీ కనపడవు. వాటికి ముందు చీర తీసి పక్కనపెట్టి, ఆ తర్వాతే డబ్బులు కట్టే లింకు పంపిస్తాం.

నన్నడిగితే ఒకటే స్టాకు మేలు, కాకపోతే లెక్క నిజమైతేనే. ర్యాకులోంచి ఏవో 50 పీసులు తీసి సైజుతో సహా సిస్టమ్‌తో సరిచూడండి, మళ్ళీ సిస్టమ్‌లో ఉన్నాయనే 50 పీసులు ర్యాకులో వెతకండి. మా 42 షర్టు లాగా ర్యాకులో లేని పీస్ ఈ రెండో వెతుకులాటలోనే బయటపడతది. నాలుగైదు తేడా వస్తే ఇంకొన్నాళ్ళు వేరే స్టాకే ఉంచుకోండి, కావలి నించి మనిషిని ఊరికే తిప్పడం కంటే కట్ సైజుల నష్టమే నయం.