రెండు మచ్చలు, ఒకే సిలికాన్ షీటు: ఆరేళ్ల తర్వాత నా సమీక్ష

నాకు 2019లో సిజేరియన్ అయింది. 2021 ఫిబ్రవరిలో కుడిచెవి తమ్మెకు దిద్దు కోసం రెండో రంధ్రం కుట్టించుకున్నాను. నాది బాగా చామనఛాయ. రెండు చోట్లా మచ్చ ఉబ్బింది, రెండింటికీ సిలికాన్ షీటే వాడాను. పొట్ట మీద చాలా బాగా పనిచేసింది. చెవి దగ్గర నాలుగు నెలలు వృథా అయ్యాయి. తప్పు షీటుది కాదు, నేను రెండింటినీ ఒకటే అనుకున్నాను.

పొట్ట మీది మచ్చ కుట్లు మానిన నెలన్నరకే తాడులా లేచింది. దురద కూడా ఉండేది. కానీ అది ఎంత ఎత్తు లేచినా కోత గీత దాటి పక్కకి పాకలేదు. కుట్లు పూర్తిగా మూసుకున్నాక షీటును గీత పొడవునా కత్తిరించి అంటించాను. స్నానానికి తప్ప తీయలేదు, రోజుకి ఇరవై గంటలైనా ఉండేది. రోజూ షీటునీ చర్మాన్నీ సబ్బుతో కడిగి, బాగా ఆరాకే మళ్ళీ పెట్టాలి. మే నెలలో ఒకసారి ఆరకుండా పెడితే చెమటకాయలు లేచాయి, వారం ఆపాల్సి వచ్చింది. మూడో నెలకి దురద పోయింది. ఏడాదిన్నరకి వేలితో తడిమితే తప్ప తెలియనంతగా అణిగింది. ఇలాంటి మచ్చ చాలావరకు దానంతట అదే కూడా తగ్గుతుందట. కాబట్టి ఘనత మొత్తం షీటుకే ఇవ్వను. దురద మాత్రం దానివల్లే తగ్గిందని నా నమ్మకం.

చెవి సంగతి వేరు. రంధ్రం శుభ్రంగా మానింది, చీము పట్టలేదు. నాలుగో నెలలో దిద్దు శీల బిగిస్తుంటే తమ్మె వెనకాల శనగగింజంత గట్టిగా తగిలింది. కుట్టిన కొత్తలో వచ్చే పొక్కు అయితే మెత్తగా, తడిగా ఉంటుంది, తాకితే రక్తమొస్తుంది. ఇది రబ్బరులా గట్టిగా, నున్నగా, మెరుస్తూ ఉంది. పుస్తకాల్లో మచ్చ ఎర్రబడుతుందని ఉంటుంది. నా రంగు మీద ఎరుపు కనబడలేదు, చుట్టూ చర్మం కంటే ముదురు గోధుమ రంగులో కనబడింది. ఎరుపు కోసం చూస్తూ కూర్చుంటే మన చర్మం మీద ఆలస్యమే అవుతుంది.

మా అత్తగారు సున్నం పెట్టమన్నారు. ప్రేమతోనే చెప్పారు కానీ అది చర్మాన్ని కాలుస్తుంది. కొత్త గాయమైతే ఈ గడ్డ ఇంకా పెరుగుతుంది. నేను పెట్టలేదు, షీటు ముక్క అంటించాను. నెలకోసారి పక్కన చిన్న బొట్టుబిళ్ళ పెట్టి మావారితో ఫోటో తీయించేదాన్ని. జూన్‌లో గడ్డ బిళ్ళకంటే చిన్నది. అక్టోబరుకి బిళ్ళను దాటేసింది, రంధ్రానికి సంబంధమే లేని మంచి చర్మం మీదికి పాకింది. ఆ ఫోటోలు చూడగానే చర్మ డాక్టరుగారు, "ఇది కెలాయిడ్ అమ్మా, దీనంతట ఇది తగ్గదు" అన్నారు. మా అమ్మకి ఛాతీ మీద మొటిమ మానిన చోట ఇలాంటిదే ఉంది. ఆ సంగతి నేను కుట్టించుకోకముందే గుర్తుతెచ్చుకోవాల్సింది.

కోసేయమని అడిగాను. ఊరికే కోస్తే చాలామందికి మళ్ళీ వస్తుంది, ఒక్కోసారి ముందుకంటే పెద్దగా వస్తుంది అన్నారు. ముందు ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్ ఇంజక్షన్లు మొదలుపెట్టారు. నెలకొకటి చొప్పున అయిదు. సూది గడ్డ లోపలికే దిగాలి, అది గట్టిగా ఉంటుంది కాబట్టి నొప్పి చాలా ఎక్కువ. మొదటిసారి నా కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. రెండో ఇంజక్షన్‌కే దురద ఆగింది, అయిదోదానికి గడ్డ సగమైంది, అక్కడే నిలిచిపోయింది. అప్పుడు, 2022 ఏప్రిల్‌లో, మిగిలినది కోసి, కుట్లు మానాక మళ్ళీ రెండు ఇంజక్షన్లు ఇచ్చారు.

ఆ తర్వాత తమ్మెను రెండు వైపులా నొక్కి పట్టే క్లిప్పు కమ్మ ఇచ్చారు. నా దృష్టిలో అసలు కష్టమంతా ఇక్కడే. రోజుకి పన్నెండు గంటలకు తగ్గకుండా ఆరు నెలలు పెట్టాను, ఎక్కువగా రాత్రుళ్ళే. నొక్కుడు తెలియాలి కానీ నొప్పి పుట్టకూడదు. ఒకసారి గట్టిగా బిగిస్తే పొద్దున్నకి తమ్మె పాలిపోయి తిమ్మిరెక్కింది, ఒక మర వదులు చేశాను. పక్కకి తిరిగి పడుకోలేకపోవడం వల్ల మొదటి నెల నిద్ర సరిగా లేదు.

ఇంజక్షన్ల వల్ల ఒక నష్టం జరిగింది. సూది వేసిన చోట చర్మం తెల్లబడింది. తెల్లని ఒంటి మీద అంతగా తెలియదేమో, నాకు మాత్రం సున్నపు చుక్కలా కనబడేది. ఏడాదికి చాలావరకు రంగు తిరిగొచ్చింది, అంచున కొంచెం మిగిలింది. గడ్డను గడ్డకట్టించే చలి చికిత్స కూడా ఉంది కానీ, నల్లని చర్మానికి అందులోనూ తెల్లమచ్చ భయం ఉందని డాక్టరుగారే వద్దన్నారు.

ఇప్పటికి కోసి మూడేళ్లు దాటింది, తిరిగి రాలేదు. ఇప్పటికీ నెలకోసారి తలస్నానమయ్యాక తమ్మె వెనక వేలు పెట్టి చూసుకుంటాను. రెండో దిద్దు మళ్ళీ పెట్టుకోలేదు.