నాయన ఫోన్‌లో నా ఖాతా: యూపీఐ సర్కిల్‌తో ఇన్ని నెలలు

నేను తిరుపతిలో, అమ్మానాయనలు చిత్తూరులో. మధ్యలో డెబ్బై కిలోమీటర్లే అయినా మందుల కొట్టు దగ్గర నాయనకు డబ్బు అందకపోవడానికి ఆ దూరం చాలు. ఆయన ఫోన్‌లోనే బ్యాంకు ఖాతా పెట్టి పిన్ నేర్పిద్దామని చూశాను. పిన్‌ను చీటీ మీద రాసి ఫోన్ కవర్లో దోపుకున్నాడు. అది చూశాకే యూపీఐ సర్కిల్ వైపు వచ్చాను. రిజర్వు బ్యాంకు 2024 ఆగస్టులో ప్రకటించిన ఏర్పాటు ఇది. డబ్బు నా ఖాతాలోంచి పోతుంది, స్కాన్ చేసేది మాత్రం నాయన. ఆయనకు పిన్ అనేదే ఉండదు.

జోడించడం కష్టం కాదు. నాయన నంబరు నా కాంటాక్టుల్లో ఉండాలి, అక్కడే ఎంచుకోవాలి, చేత్తో కొడితే కుదరదు. ఆయన యాప్‌లోని క్యూఆర్ స్కాన్ చేసినా సరిపోతుంది. కష్టమంతా వేలిముద్ర దగ్గర వచ్చింది. ఆయన ఫోన్‌కో, యాప్‌కో తాళం తప్పనిసరి. నలభై ఏళ్లు చెరుకు నరికిన చేతులవి, గీతలు అరిగిపోయాయి, బొటనవేలు పదిసార్లు పెట్టినా తెరుచుకోలేదు. చివరికి ఫోన్ తాళానికి అంకెలు పెట్టాం. నా పెళ్లి తేదీ. అది చీటీ మీద రాయనక్కర్లేదన్నాడు.

ఇందులో రెండు పద్ధతులున్నాయి. ఒకదాంట్లో ఆయన స్కాన్ చేసిన ప్రతిసారీ నాకు రిక్వెస్ట్ వస్తుంది, నేను పిన్ కొడితేనే డబ్బు పోతుంది. మొదట జాగ్రత్త కోసం అదే పెట్టాను. ఒకరోజు నేను మీటింగ్‌లో ఉండగా రిక్వెస్ట్ వచ్చింది, చూసుకునేసరికి గడువు దాటిపోయింది. ఫోన్ చేస్తే, "ఏమిరా, కొట్టోడి ముందర బిచ్చగాడి మాదిరి నిలబెట్టినావే" అన్నాడు. ఆ సాయంత్రమే రెండో పద్ధతికి మారాను.

రెండో దాంట్లో ముందే పరిమితి పెడతాం, దాని లోపల ఆయన ఇష్టం. నిబంధన ప్రకారం నెలకు 15,000 రూపాయలు, ఒక్కసారికి 5,000 మించకూడదు. నేను నాయనకు నెలకు 6,000, అమ్మకు 3,000 పెట్టాను. ఒకరు ఐదుగురిని జోడించుకోవచ్చు కాబట్టి ఇద్దరికీ నేనే చేశాను. కానీ వాళ్లు మాత్రం ఒక్కరి కిందే ఉండాలి. చెల్లెలు తానూ కొంత వేస్తానంది, వీల్లేదు. ఆమె వాటా నాకు పంపుతుంది.

నేను చేసిన మంచి పని ఒకటుంది. దీనికి జీతం పడే ఖాతా వాడలేదు. పక్కన ఊరికే పడున్న మరో పొదుపు ఖాతాను పెట్టి, నెల మొదట్లో 9,000 వేస్తాను. ఎవడైనా నాయనను మాయచేసినా పోయేది అంతవరకే. ఓసారి ఎవడో ఫోన్ చేసి కరెంటు బిల్లు కట్టలేదని బెదిరించి పిన్ అడిగితే, "నా దగ్గర పిన్ లేదబ్బా, మావాణ్ణి అడుగు" అని పెట్టేశాడట. దీనికీ ఒక ఇబ్బంది ఉంది. ఒక నెల డబ్బు వేయడం మరిచిపోయాను. పరిమితి మిగిలే ఉంది, ఖాతా మాత్రం ఖాళీ. నాయన తెర మీద పేమెంట్ ఫెయిల్ అయిందనే ఉంటుంది గానీ, తప్పు నాదని ఆయనకెలా తెలుస్తుంది? ఫోన్ పాడైందని రిపేరు కొట్టుకు తీసుకుపోయాడు. ఇప్పుడు నెల ఒకటో తేదీకి ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా పెట్టాను.

పెద్ద బిల్లులకు ఇది పనికిరాదు. అమ్మకు పరీక్షలు చేయించినప్పుడు బిల్లు 7,450 అయింది. అమ్మ 3,000, నాయన ఆ నెలలో మిగిలిన 2,200 కలిపినా చాలదు. ఆ బిల్లు నేను ఇక్కణ్ణుంచే కట్టాను. దానికోసం పరిమితి పెంచాలనిపించలేదు.

పరిమితి కన్నా నన్ను ఇబ్బంది పెట్టింది మెసేజ్‌లు. ఆయన బజ్జీ తిన్నా నాకు తెలుస్తుంది. ఒకరోజు స్వీటు కొట్లో 180 అని కనపడింది. షుగర్ ఉన్న మనిషి కదా, ఆగలేక ఫోన్ చేసి, "నాయనా, మైసూర్‌పాకా?" అన్నాను. ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత రెండు వారాలు ఆయన పేరుమీద ఒక్క లావాదేవీ లేదు, అమ్మ దగ్గర నగదు అడిగి తీసుకున్నాడట. నోటిఫికేషన్లు ఆపేశానని ఫోన్ చేసి చెప్పాను. నెలకోసారి స్టేట్‌మెంట్ చూసుకుంటున్నాను, అంతే. పాలు, మందులు, కూరగాయల బండి అన్నీ మళ్లీ వస్తున్నాయి. స్వీటు కొట్టు మాత్రం అందులో మళ్లీ కనపడలేదు. కొట్టు ఆయన మానినాడనైతే నేననుకోను.