ఫొటో అంచున ఉన్న మనిషిని తీసేయడానికి రోటరీ ట్రిమ్మర్: ఏళ్ల తరబడి వాడాక

2021లో కొన్న ఈ ట్రిమ్మర్‌ను నేను ఎక్కువగా వాడేది స్టూడియోలో వేయించిన ఫొటోలను ఫ్రేములోని మౌంట్‌కు, అంటే మధ్యలో కిటికీ కోసిన అట్టకు, సరిపోయేలా కోయడానికే. ఇంట్లోవాళ్లకీ, చుట్టాలకీ, ఇరుగుపొరుగుకీ ఫ్రేములు కట్టిపెట్టడం నా సరదా. అప్పట్లో సుమారు మూడు వేలు పెట్టి కొన్నాను. ఏ4 కాగితం పొడుగంతా ఒక్క ఊపులో కోస్తుంది. ఉక్కు పట్టా మీద జారే పిడి, దాని లోపల గుండ్రటి బ్లేడు, కోత గీత పక్కనే ఫొటోను నొక్కి పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ, బ్లేడు కింద మెత్తటి ప్లాస్టిక్ బద్దె. ఇంతే యంత్రం. ఫొటో పనికి ఇది చాలా మంచిది. కాకపోతే కొన్నవాళ్లలో చాలామంది దీన్ని ముందుగా వాడేస్తారు. నిజానికి మనిషిని తీసేసేది మౌంట్. ట్రిమ్మర్ పని ఆ తర్వాతే వస్తుంది.

ఈమధ్య చేసిన ఒక ఫొటో సంగతి చెబితే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. వరసకు చెల్లెలయ్యే ఒకామె 8×12 అంగుళాల అడ్డ ఫొటో తెచ్చింది. అమ్మానాన్నలు కుర్చీల్లో కూర్చున్నారు, ఆమె వెనక నిలబడింది, కుడి చివర ఆమె మాజీ భర్త. అతను లేకుండా ఫ్రేము కావాలి. కారణాలు అడిగే అలవాటు నాకు లేదు, స్కేలు తీసుకున్నాను. ఆమె దగ్గరున్న ఫ్రేము 11×14, లోపలి మౌంట్‌లో కిటికీ 7½×9½. మామూలుగా 8×10 ఫొటో కోసం అమ్మే కొలత అది. నాలుగు వైపులా పావు అంగుళం చొప్పున ఫొటో మౌంట్ కిందకు వెళ్తుంది. ఎత్తు ఎలాగూ 8 అంగుళాలే కాబట్టి పైనా కిందా ముట్టుకోనక్కర్లేదు. 12ను 10 చేస్తే చాలు. ఒక్క కోతతో తేలే పని.

ఆ కోత ఎక్కడ అన్నదే ప్రశ్న. ఎడమ అంచు నుంచి కొలిస్తే ఆమె చీర కొంగు 243 మిల్లీమీటర్ల దగ్గర ముగుస్తుంది. అతని చొక్కా చెయ్యి 251 దగ్గర మొదలవుతుంది. మధ్యలో వెనక గోడ కనిపించే సందు 8 మిల్లీమీటర్లు. చూసినవాళ్లెవరికైనా సరిగ్గా ఆ సందు మధ్యలో కోయాలనిపిస్తుంది. అలా కోస్తే ఫొటో కుడి అంచు సరిగ్గా కిటికీ అంచు దగ్గరకే వచ్చి ఆగిపోతుంది. ఎడమవైపు పావు అంగుళం మౌంట్ కిందకు పోయాక కిటికీ కుడి అంచు పడేది 248 దగ్గర. అక్కడ ఫొటో అయిపోతే మౌంట్ కింద ఆనడానికి ఏమీ మిగలదు. కొంచెం కదిలినా వెనక అట్ట తెల్లటి గీతలా కనిపిస్తుంది. అందుకని నేను కోసింది 254 దగ్గర, అంటే సరిగ్గా 10 అంగుళాల దగ్గర, అతని చొక్కా చెయ్యి మీదుగానే. మిగిలిన మూడు మిల్లీమీటర్ల చొక్కా మౌంట్ కింద దాక్కుంది. సందు మధ్యలోకి రావాల్సింది కిటికీ అంచు, కోత కాదు. కోత ఆ అంచుకు కనీసం మూడు, వీలైతే ఆరు మిల్లీమీటర్లు అవతలే ఉండాలి.

అసలు కోయకుండా కూడా ఈ పని అవుతుంది. కిటికీకీ ఫ్రేముకీ మధ్య మౌంట్ వెడల్పు చాలినంత ఉంటే అవాంఛిత మనిషి మొత్తం దాని వెనకే ఉండిపోతాడు. ఈ ఫొటోలో దాయాల్సింది 57 మిల్లీమీటర్లు. 11×14 మౌంట్‌లో ఆ వైపు ఉన్న అంచు కూడా సరిగ్గా అంతే. కాగితం తేమకు కాస్త సాగడానికి చోటుండదు, వానాకాలంలో ఫొటో అలలు తేలుతుంది. అదే కిటికీతో 12×16 ఫ్రేము తీసుకుంటే హాయిగా సరిపోయేది. ఈ మాటే చెల్లెలికి చెప్పాను. “మౌంట్ వెనకాల కూడా వద్దన్నయ్యా” అంది. మూడు మిల్లీమీటర్ల చొక్కా ఉంటుందని కూడా చెప్పాను. కాసేపు ఆలోచించి, అంతవరకూ సరేనంది.

ముందు తన దగ్గర ఈ ఫొటో మరో ప్రతి ఉందని ఖాయం చేసుకున్నాకే ట్రిమ్మర్ దగ్గరకు వెళ్లాను. ఒక్కటే ప్రింటై, నెగటివ్ లేని పాత నలుపు తెలుపు ఫొటో అయితే నేను కోయను. స్కాన్ చేయించి కొత్త ప్రింటు తెమ్మంటాను. కోయాల్సింది ఆ కొత్త ప్రింటునే.

ఇక ట్రిమ్మర్ గుణదోషాలు. దీని పలక లోతు 8½ అంగుళాలే. కాబట్టి పలక మీద ముద్రించిన అంగుళాల గళ్లతో 10 అంగుళాలు కొలవడం కుదరదు, ఫొటో ఎడమ కొస గాల్లో వేలాడుతుంది. పెద్ద ఫొటోల కోసం కొనేవాళ్లు కోత పొడుగు మాత్రమే చూసి కొంటారు, పలక లోతు కూడా చూడాలి. నేను చేసేది ఇది. ఉక్కు స్కేలుతో పైనా కిందా 254 దగ్గర, పారేసే భాగం వైపు, సన్నటి మార్కర్‌తో రెండు చుక్కలు పెడతాను. ఆ రెండు చుక్కలనూ కోత గీతకు ఆనిస్తాను. ఎడమ కొస కింద అదే ఎత్తులో ఒక పుస్తకం పెడతాను, లేకపోతే బరువుకు ఫొటో వెనక్కి జారుతుంది.

కోత గీత ఎక్కడుందో తెలుసుకోవడంలో ఒక మెలిక ఉంది. చాలామంది పారదర్శక పట్టీ అంచే కోత గీత అనుకుంటారు. నా ట్రిమ్మర్‌లో బ్లేడు దానికి అర మిల్లీమీటరు అవతల నడుస్తుంది. నిజమైన గీత కింది ప్లాస్టిక్ బద్దె మీద ఉంటుంది. కొన్నాళ్లు వాడాక బ్లేడు నడిచిన చోట సన్నటి గాడి పడుతుంది, అదే నమ్మదగిన గుర్తు. కొత్త ట్రిమ్మర్ అయితే పనికిరాని ఫొటో ఒకటి కోసి తేడా ఎంతో చూసుకోవాలి.

ఉంచుకునే భాగం ఎప్పుడూ పట్టీ కిందే ఉండాలి, పారేసేది బయటికి వేలాడాలి. మనిషి ఎడమ చివర ఉంటే ఫొటోను తలకిందులుగా తిప్పి పెట్టాలి. బొమ్మ వైపు పైకే ఉండాలి. గుండ్రటి బ్లేడు పై నుంచి నొక్కుతూ కోస్తుంది కాబట్టి అంచున లేచే సన్నటి నూగు వెనక వైపుకు పోతుంది. నిగనిగలాడే ఫొటో అయితే పట్టీ కింద ఉన్న చిన్న ఇసుక రేణువు కూడా గీత పెడుతుంది. పట్టీని ముందు మెత్తటి గుడ్డతో తుడిచి, ఫొటో మీద పలచటి తెల్ల కాగితం వేసి నొక్కుతాను. తర్వాత పిడిని ఒకే వేగంతో, ఒకే వైపుకు, ఒక్కసారి. కోత పూర్తిగా తెగలేదని వెనక్కి లాగితే రెండో గీత మొదటి దాని పక్కన పడి అంచు మీద వెంట్రుకలాంటి తెల్ల చీలిక మిగులుతుంది.

ఆఫీసుల్లో ఉండే చేయి దించే కట్టర్‌తో పోలిస్తే ఇక్కడే నాకు తేడా బాగా తెలిసింది. ఆ కత్తి ఒక మూల నుంచి కోసుకుంటూ పోతుంటే ఫొటో దానితోపాటు పక్కకు లాగబడుతుంది. గట్టిగా పట్టుకోకపోతే కింది కొసకు వచ్చేసరికి కోత మిల్లీమీటరు వంకర పోతుంది. మామూలు కాగితంలో అది ఎవరికీ పట్టదు. సందు ఎనిమిది మిల్లీమీటర్లే ఉన్న ఫొటోలో పడుతుంది.

వాడకం పెరిగాక బయటపడ్డవి రెండు. మొదటిది బ్లేడు. మొద్దుబారిందని తెలిసేది కాగితం తెగకపోవడం వల్ల కాదు, అంతకు చాలా ముందే. స్టూడియో ఫొటో కాగితానికి రెండు వైపులా ప్లాస్టిక్ పొర ఉంటుంది. బ్లేడు పదును తగ్గితే ఆ పొరను కోయడం మాని నలిపేస్తుంది. అంచు పొడవునా సన్నటి తెల్ల గీత, వేలు ఆనిస్తే గరుకు. ఇంక్‌జెట్ ప్రింటయితే పై పూత పొట్టులా రాలుతుంది. అప్పుడు కొత్త బ్లేడు వేసి, కింది బద్దెను కూడా రెండో వైపుకు తిప్పాలి. గాడి వెడల్పయ్యాక ఎంత మంచి బ్లేడుకైనా కింద ఆధారం ఉండదు. మౌంట్ ఎలాగూ అంచును కప్పేస్తుంది కదా అని కొందరంటారు. నిజమే, కానీ పొర ఒకసారి లేచిన చోట తేమ పట్టి పొట్టు లోపలికి పాకుతుంది.

రెండోది పలక కింది అంచున కాగితాన్ని ఆనించే అడ్డ పట్టీ. నా దాని మరలు ఏడాది తిరక్కుండానే వదులయ్యాయి. కంపెనీకి ఉత్తరం రాస్తే బదులు రాలేదు, నేనే బిగించుకున్నాను. అది కోత గీతకు లంబంగా ఉందో లేదో చూడటం తేలిక. ఏ4 కాగితం అంచును దానికి ఆనించి కోయాలి. కాగితాన్ని బోర్లా తిప్పి, ఈసారి దానికి ఎదురుగా ఉన్న అంచును ఆనించి, ఇందాక కోసిన వైపునే సన్నటి పోగులా మరోసారి కోయాలి. వచ్చిన పోగు రెండు కొసలూ ఒకే వెడల్పు ఉంటే పట్టీ సరిగ్గా ఉన్నట్టు. ఒక కొస వెడల్పుగా వస్తే, అసలు తేడా అందులో సగం.

ఇది చేయలేని పనులు కూడా చెప్పాలి. చెక్క పలక మీద అతికించి ల్యామినేషన్ చేసిన ఫొటోలు దీనితో తెగవు. వాటి జోలికి పోతే పట్టా వంగుతుంది. మనుషులు భుజం మీద భుజం వేసుకున్న ఫొటోలో తిన్నటి కోత ఒకరిని తీస్తే రెండోవారి చెయ్యీ పోతుంది. ఈ ఫొటోలోనూ ఆ ఇబ్బంది కొంచెం ఉంది. చీరకూ చొక్కాకూ మధ్య సందు పై భాగంలోనే. కింద అతని చెయ్యి అడ్డంగా వచ్చి ఆమె నాన్న కుర్చీ వెనక ఆనింది, నాలుగు వేళ్లూ మణికట్టూ కిటికీ లోపలే పడ్డాయి. వాటిని తీయాలంటే కంప్యూటర్‌లో దిద్దించి కొత్త ప్రింటు వేయించాలి, ట్రిమ్మర్ వల్ల కాదు. కోయకముందే మౌంట్‌ను ఫొటో మీద పెట్టి చెల్లెలికి చూపించాను. “కుర్చీ నాన్నది కదా, వేళ్లు ఎవరివో ఎవరు చూస్తారులే” అని కోయమంది.

కోశాక ఫొటోను పై అంచున మాత్రమే రెండు చోట్ల కాగితపు టేపుతో మౌంట్ వెనక వేలాడదీశాను. సెల్లో టేపు వాడితే కొన్నేళ్లకు పసుపు మరక దిగుతుంది. కుడివైపు మనకున్న వెసులుబాటు మూడు మిల్లీమీటర్లే కాబట్టి టేపు వేసేటప్పుడు ముందు నుంచి కిటికీలోకి చూసుకుంటూ వేయాలి.

నెలకు నాలుగైదు ఫొటోలు కోసేవాళ్లకు ఈ ధర గిట్టుబాటే. ఎప్పుడో ఒకటి కోయాల్సినవాళ్లకు ఉక్కు స్కేలు, కొత్త బ్లేడు పెట్టిన కట్టర్, కింద దళసరి అట్ట చాలు. కొనదలిస్తే విడి బ్లేడ్లూ, కింది బద్దెలూ దొరుకుతాయో లేదో ముందే అడగండి. నా మోడల్‌కు బ్లేడ్లు దొరుకుతున్నాయి గానీ బద్దెలు రావడం ఆగిపోయింది. రెండు వైపులూ అరిగిపోయిన దాన్ని ఇప్పుడు కాస్త పక్కకు జరిపి, గాడి లేని చోట వాడుతున్నాను.